వారానికి 40 బ్లౌజుల వరకు కుట్టి ఇస్తాం, ముందు మూడు ఇచ్చి చూడండి

నమస్కారం మేడమ్,

నా పేరు పద్మజ. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి కింది పోర్షన్‌లో తొమ్మిదేళ్లుగా టైలరింగ్ నడుపుతున్నాను. మొత్తం ఐదుగురం ఆడవాళ్లం, నాలుగు మిషన్లు, ఒక ఓవర్‌లాక్. కటింగ్ అంతా నాదే. లబ్బీపేట, మొగల్రాజపురం, పటమట వైపు ఉన్న కొన్ని బొటిక్‌లకు ఈ మెయిల్ పంపుతున్నాను.

శ్రావణంలో, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చిపడతాయి కదా. మీ మాస్టర్ల చేతికి అందనివి మాకు ఇవ్వమని అడుగుతున్నాను. వారానికి 40 బ్లౌజులు తీసుకుంటాం, అంతకు మించి ఒప్పుకోం. రెండేళ్ల కిందట ఆశపడి ఎక్కువ తీసుకుని, 11 బ్లౌజులు వరలక్ష్మీ వ్రతం అయిపోయాక ఇచ్చాను. ఆ రోజు పడ్డ బాధ మళ్లీ వద్దనే ఈ లెక్క పెట్టుకున్నాను.

కుట్టుకూలి: లైనింగ్ బ్లౌజు 280, కప్పులతో ప్రిన్సెస్ కట్ 450, పిల్లల పట్టు లంగా, జాకెట్టు కలిపి 600 రూపాయలు. చీరకి ఫాల్, పీకో 90. లైనింగ్ మీరిస్తే ఈ రేట్లే, మేం వేస్తే బ్లౌజుకి 70 అదనం. కాటన్ లైనింగ్‌ని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరాకే కట్ చేస్తాం. లేకపోతే మొదటి ఉతుకుకే లోపల ముడుచుకుపోతుంది. పక్కల్లో అంగుళంన్నర బట్ట వదులుతాం, రేపు కస్టమర్ కాస్త లావైనా విప్పుకోవచ్చు. హుక్కులు, హెమ్మింగ్ చేత్తోనే.

బట్ట అందిన ఆరో రోజుకి కుట్టి సిద్ధంగా ఉంచుతాం. ఫిట్టింగ్‌లో తేడా వస్తే సరిచేసినందుకు డబ్బులు తీసుకోం. మా పొరపాటు వల్ల బట్ట పాడైతే దాని ఖరీదు మాదే, మగ్గం వర్క్ ఉంటే ఆ ఖర్చుతో సహా. అందుకే వర్క్ చేసిన పీసులను మీతో కొలతలు ఇంకోసారి సరిచూసుకున్నాకే కత్తెర పెడతాను.

మేం చేయనివీ చెప్పాలి. మగ్గం వర్క్ మా దగ్గర లేదు. డిజైనర్ గౌన్లు, మగవాళ్ల బట్టలు కుట్టం. ఈరోజిచ్చి రేపు కావాలంటే కుదరదు.

మీ కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాకు అక్కర్లేదు. కొలతల చీటీ మీద మీ ఆర్డర్ నంబర్ ఉంటే చాలు. బట్టలు తీసుకెళ్లడానికి, తిరిగి ఇవ్వడానికి మంగళ, శుక్రవారాల్లో మేమే వస్తాం.

ముందు ఒక మూడు బ్లౌజులు ఇచ్చి చూడండి. నచ్చకపోతే వాటికి కూలి ఇవ్వక్కర్లేదు. నచ్చితే ఆ తర్వాత నుంచి ప్రతి శనివారం లెక్క చూసుకుందాం.

ఈ మెయిల్‌కి రిప్లై ఇస్తే, మీకు వీలైన మధ్యాహ్నం షాపుకి వస్తాను. మేం కుట్టిన రెండు బ్లౌజులు తెస్తాను, లోపలివైపు తిప్పి కుట్టు చూడండి.

ఇట్లు,
పద్మజ
సత్యనారాయణపురం, విజయవాడ