అద్దకం ఉప్పులో సల్ఫేట్ ఎంత? బేరియం సల్ఫేట్ తూకంతో లెక్క

నమూనా: నూలు అద్దకానికి వాడే అనార్ద్ర సోడియం సల్ఫేట్, తెల్లటి పొడి. ఇనుము, నైట్రేట్ పరీక్షల్లో ఏమీ కనిపించలేదు. నీళ్లలో పూర్తిగా కరిగింది. రెండు తూకాలతో సమాంతరంగా చేసిన నిర్ధారణ ఇది.

Ba²⁺ + SO₄²⁻ → BaSO₄

లెక్క ఒక్క గుణకారంతో తేలిపోతుంది. కష్టమంతా ఆ తెల్లటి అవక్షేపం నిజంగా బేరియం సల్ఫేట్ మాత్రమే అయ్యేలా చూసుకోవడంలో ఉంది. పక్కన ఏ అయాన్ దొరికినా ఇది తనలో కలిపేసుకుంటుంది.

ముందుగా మూసలు సిద్ధం చేసుకోవాలి. రెండు సిలికా మూసలను మూతలతో సహా 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 నిమిషాలు కాల్చి, డెసికేటర్‌లో 40 నిమిషాలు చల్లార్చి తూచండి. వరుసగా రెండు తూకాల మధ్య తేడా 0.3 మి.గ్రా. లోపు వచ్చేదాకా కాల్చడం, తూచడం సాగాలి. అవక్షేపంతో తూచేటప్పుడు కూడా ఇదే వేడి, ఇదే చల్లార్పు సమయం పాటించాలి. వెచ్చని మూసను తూస్తే చుట్టూ గాలి పైకి లేచి తూకం తక్కువ చూపిస్తుంది.

అవక్షేపణ

నమూనాను 105–110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, 0.3 గ్రాముల చొప్పున 400 మి.లీ. బీకర్లలోకి కచ్చితంగా తూచుకోండి. ఒక్కోదాన్ని 25 మి.లీ. స్వేదన జలంలో కరిగించి, 0.5 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, 200 మి.లీ. దాకా పలుచన చేయండి. ఆమ్లం ఉంటే బేరియం కార్బొనేట్, ఫాస్ఫేట్ లాంటివి దిగవు, స్ఫటికాలు కూడా పెద్దవవుతాయి. అలాగని ఎక్కువ పోయకూడదు. ఆమ్లం పెరిగేకొద్దీ సల్ఫేట్‌లో కొంత HSO₄⁻గా మారి అవక్షేపం కరగడం మొదలవుతుంది.

ద్రావణాన్ని మరిగే స్థితికి తెచ్చి, వేడిగా ఉన్న 5 శాతం బేరియం క్లోరైడ్ ద్రావణం 12 మి.లీ.ను చుక్కచుక్కగా, ఆపకుండా కలుపుతూ వేయండి. ఈ తూకానికి కావలసింది పది మి.లీ. పైచిలుకే, మిగిలింది అదనం. మొత్తం ఒక్కసారిగా పోశారా, పిండిలాంటి సన్నటి కణాలు దిగి వడపోత కాగితంలోంచి జారిపోతాయి. పైగా అంత వేగంగా పెరిగే స్ఫటికం బేరియం క్లోరైడ్‌ను లోపలే బంధించేస్తుంది, ఎంత కడిగినా అది బయటికి రాదు. ఈ పద్ధతిలో ఓపికంతా పెట్టాల్సింది ఇక్కడే. మిగతా దశల్లో జరిగిన పొరపాట్లు చాలావరకు కంటికి కనిపిస్తాయి, ఇది కనిపించదు.

అవక్షేపం అడుక్కి చేరాక, పైన తేరిన ద్రవంలోకి బీకరు అంచు వెంబడి రెండు చుక్కల బేరియం క్లోరైడ్ వదలండి. మబ్బులా తెల్లబడితే ఇంకో 2 మి.లీ. వేయాలి. తర్వాత వాచ్ గ్లాస్ మూసి, నీటి ఆవిరి తొట్టిపై 80–90 డిగ్రీల దగ్గర కనీసం రెండు గంటలు ఉంచండి. రాత్రంతా ఉంచగలిగితే మరీ మంచిది. ఈలోగా చిన్న కణాలు కరిగి పెద్దవాటిపై పేరుకుంటాయి, వడపోత సులువవుతుంది.

వడపోత, కడగడం

బూడిద మిగలని సన్న రంధ్రాల కాగితం (వాట్‌మన్ 42 రకం) వాడాలి. పైన తేరిన ద్రవాన్ని ముందు వంపి, తర్వాత అవక్షేపాన్ని వేడినీళ్లతో కాగితంపైకి దించండి. బీకరు గోడలకు అంటుకున్నదాన్ని రబ్బరు తొడిగిన గాజు కడ్డీతో రుద్ది తీయాలి. గరాటులో మూడో వంతుకు మించి అవక్షేపం ఉండకూడదు. బేరియం సల్ఫేట్‌కు కాగితం అంచు దాకా పాకే గుణం ఉంది. గాలితం మసకగా ఉంటే దాన్నే మళ్లీ అదే కాగితంలోంచి పోయండి.

వేడినీళ్లతో కొద్దికొద్దిగా, ప్రతిసారీ పూర్తిగా కారనిచ్చి కడగండి. చివరి కడుగునీళ్లలో కొంచెం పట్టి, నైట్రిక్ ఆమ్లం, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసినప్పుడు తెల్లబడకపోతే చాలు. అంతకు మించి కడగొద్దు. గది ఉష్ణోగ్రత దగ్గర బేరియం సల్ఫేట్ లీటరు నీళ్లలో 2.4 మి.గ్రా. కరుగుతుంది, మరిగే నీళ్లలో ఇంకాస్త ఎక్కువ.

గాలితాన్ని సింకులో పారబోయకండి. అందులో మిగిలిన బేరియం విషం. సోడియం సల్ఫేట్ వేసి దాన్ని కూడా అవక్షేపంగా దించి, వడగట్టి, విడిగా దాచండి.

కాల్చడం

కాగితాన్ని మడిచి మూసలో పెట్టి, మూత కొంచెం తెరిచి, చిన్న మంటపై తడి ఆరనివ్వండి. తర్వాత కాగితం నల్లబడాలే గానీ అంటుకోకూడదు. మంట లేస్తే సన్నటి పొడి పొగతో ఎగిరిపోతుంది. వెంటనే మూత వేసేయండి, ఊదవద్దు. పొగ ఆగాక మూత పక్కకు జరిపి, గాలి ధారాళంగా తగిలేలా మూసను వాల్చి, నలుపంతా పోయేదాకా వేడి పెంచండి. ఆ తర్వాతే 800 డిగ్రీల ఫర్నేస్‌లోకి.

తొందరపడి నల్లటి కాగితంతోనే ఎర్రటి వేడిలో పెడితే ఇలా అవుతుంది:

BaSO₄ + 4C → BaS + 4CO

అవక్షేపంలో 5 శాతం ఇలా సల్ఫైడ్‌గా మారినా 0.49 గ్రాములకు 6.7 మి.గ్రా. పోతుంది. పొడి బూడిద రంగులో కనిపిస్తే మూస చల్లారాక ఒకటి రెండు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, పొగల గూడులో తెల్లటి పొగలు ఆగేదాకా మెల్లగా వేడి చేసి, మళ్లీ కాల్చండి. సల్ఫైడ్ తిరిగి సల్ఫేట్ అవుతుంది.

తూకాలు, లెక్క

గుణకం: 96.06 ÷ 233.39 = 0.4116

| | మొదటిది | రెండోది |
|---|---|---|
| నమూనా, గ్రా. | 0.3012 | 0.3047 |
| ఖాళీ మూస, గ్రా. | 18.4627 | 19.1083 |
| కాల్చాక, 1వ తూకం | 18.9527 | 19.6033 |
| 2వ తూకం | 18.9521 | 19.6028 |
| 3వ తూకం | 18.9520 | 19.6028 |
| BaSO₄, గ్రా. | 0.4893 | 0.4945 |
| సల్ఫేట్, గ్రా. | 0.2014 | 0.2035 |
| సల్ఫేట్ శాతం | 66.86 | 66.80 |

సగటు 66.83 శాతం. శుద్ధ సోడియం సల్ఫేట్‌లో ఉండాల్సింది 67.63 కనుక, సల్ఫేట్ అంతా సోడియం లవణమే అనుకుంటే శుద్ధత 98.8 శాతం.

రెండు విలువలూ దగ్గరగా వచ్చాయి కదా అని రెండూ నిజమనుకోవద్దు. ఇది సోడియం లవణం కాబట్టి, బేరియం సల్ఫేట్‌తో పాటు కొంత సోడియం సల్ఫేట్ కూడా దిగే వీలుంది. అప్పుడు ఒక మోల్ సల్ఫేట్‌కు 233 గ్రాములు తూగాల్సిన చోట 142 మాత్రమే తూగుతుంది, ఫలితం తగ్గుతుంది. చిక్కుకున్న బేరియం క్లోరైడ్ దీనికి ఎదురుగా ఫలితాన్ని పెంచుతుంది. ఈ రెండు దోషాలూ రెండు బీకర్లలో ఒకేలా జరిగితే, ఆ పొందిక వాటిని బయటపెట్టదు. నమూనాలో నైట్రేట్ ఉంటే ముందే హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పలుమార్లు ఆవిరి చేసి పోగొట్టాలి, లేకపోతే అది బేరియం నైట్రేట్‌గా దిగి తూకం పెంచుతుంది. ఫెర్రిక్ ఇనుముంటే అది ఫెర్రిక్ సల్ఫేట్‌గా దిగి, కాలినప్పుడు సల్ఫర్ ట్రైఆక్సైడ్‌ను వదిలేసి తూకం తగ్గిస్తుంది. ఈ నమూనాకు ఆ రెండు బెడదలూ లేవు.

సోడియం దోషం ఎంతో తేల్చాలంటే, శుద్ధత తెలిసిన సోడియం సల్ఫేట్ 0.3 గ్రాములను ఇదే రోజు, ఇదే వేగంతో, ఇవే రసాయనాలతో మూడో బీకరుగా నడపాలి. దానికి 67.63 కంటే ఎంత తక్కువ వస్తుందో చూశాకే రెండో దశాంశం రాయొచ్చు. ఈసారి ఆ బీకరు నడపలేదు కాబట్టి నివేదికలో రాసిన విలువ: సల్ఫేట్ 66.8 శాతం, ఆరబెట్టిన నమూనాపై.