హారిక పెళ్ళి ఫిబ్రవరి 20న, గోపాలపూర్‌లో: సెలవులు అట్టేపెట్టుకోండి

పెద్దలకి నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు.

మా పెద్దమ్మాయి హారిక పెళ్ళి కుదిరిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ముహూర్తం కూడా పెట్టించాం. 2027 ఫిబ్రవరి 20, శనివారం రాత్రి 8 గంటల 43 నిమిషాలకి. అబ్బాయి సందీప్. వాళ్ళది భువనేశ్వర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబమే. పెళ్ళి గోపాలపూర్‌లో, సముద్రం ఒడ్డున.

"ఏటిది, మన సిక్కోల్లో కల్యాణమండపాలు లేవా?" అని మా అత్త అప్పుడే అడిగేసింది. ఉన్నాయి. కానీ వాళ్ళు భువనేశ్వర్ నుంచి, మనం శ్రీకాకుళం నుంచి బయలుదేరితే బరంపురం ఇంచుమించు మధ్యలో వస్తుంది. అక్కడికి గోపాలపూర్ 15 కిలోమీటర్లే. పిల్లలిద్దరికీ బీచ్ దగ్గర చేసుకోవాలని కోరిక. రెండు వైపులా పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు, నేనూ ఒప్పుకున్నాను (పార్వతి ముందే ఒప్పేసుకుంది).

శుభలేఖ సంక్రాంతి వెళ్ళాక ఇంటికి వచ్చి ఇస్తాం. ఇంత ముందుగా చెప్పడానికి కారణం ఒక్కటే: ఉన్న సెలవులన్నీ సంక్రాంతికే ఖర్చు పెట్టేయకండి. పండక్కి రెండు రోజులు తగ్గించుకుని అయినా ఫిబ్రవరికి అట్టేపెట్టండి. 19 శుక్రవారం మధ్యాహ్నానికి అందరూ గోపాలపూర్ చేరాలి. సాయంత్రం మెహందీ, సంగీత్ అంటున్నారు పిల్లలు. 20న పెళ్ళి. 21 ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తిరుగు ప్రయాణం. దగ్గరివాళ్ళకి శుక్రవారం ఒక్కరోజు సెలవు చాలు. హైదరాబాద్, బెంగళూరు వాళ్ళు గురువారం, సోమవారం కూడా కలిపి అడగండి.

రైలు టికెట్ల విషయం కాస్త జాగ్రత్త. రిజర్వేషన్ ఇదివరకట్లా 120 రోజుల ముందు తెరవరు, ఇప్పుడు 60 రోజులే. అంటే ఫిబ్రవరి 18 ప్రయాణానికి డిసెంబర్ 20న, 21 తిరుగు ప్రయాణానికి డిసెంబర్ 23న తెరుస్తారు. ఆ ఉదయం 8 గంటలకే కూర్చోండి, తర్వాత వెయిటింగ్ లిస్టు చూసి టెన్షన్ పడొద్దు. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా, కోణార్క్, బెంగళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా బరంపురం వెళ్తాయి. అక్కడ స్టేషన్‌కి మన కార్లు వస్తాయి, రైలు పేరు, టైము ముందే చెప్తే చాలు. ఖరగ్‌పూర్ బాబాయి వాళ్ళదీ అదే లైను. భిలాయ్ వాళ్ళు మాత్రం విజయనగరంలో దిగి, ఒకరోజు ముందే మా ఇంటికి వచ్చేయండి, కలిసి వెళ్దాం.

ఊళ్ళో వాళ్ళకి రెండు బస్సులు పెడుతున్నాం. 19 ఉదయం 7 గంటలకి మా ఇంటి దగ్గర బయలుదేరి నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురంలో ఆగుతాయి. ఇచ్ఛాపురం దాటాక ఇక ఎంతో దూరం లేదు.

అమెరికా పిల్లలూ, ఫిబ్రవరి 15 సోమవారం మీకు ప్రెసిడెంట్స్ డే సెలవు కదా, దానికి కలిపి పెట్టుకోండి. నేరుగా పెళ్ళికే వచ్చేవాళ్ళకి భువనేశ్వర్ విమానాశ్రయం దగ్గర. ముందు ఇంటికి రావాలనుకుంటే విశాఖలో దిగండి. 17 బుధవారం ఇంట్లో పెళ్ళికూతుర్ని చేస్తున్నాం, అప్పటికి ఉంటే మరీ సంతోషం. రథసప్తమి 13నే అయిపోతుంది కాబట్టి అరసవల్లిలో దర్శనం కూడా ఆ రద్దీ లేకుండా అవుతుంది.

ఇంకో మాట. 20న మాఘ పౌర్ణమి. ఆ రాత్రి గడిచాక 21 తెల్లవారుజామున గ్రహణం అని ఫోన్లో చూసి ఎవరూ నాకు ఫోన్ చేయకండి. అది ఉపచ్ఛాయ గ్రహణం, పట్టింపు లేదని పంతులుగారు చూసే ముహూర్తం పెట్టారు.

గదులకి మీరు డబ్బులు కట్టనక్కర్లేదు. రిసార్ట్ మూడు రోజులకి మాట్లాడేశాం. ఎంతమంది వస్తారో, మెట్లు ఎక్కలేనివాళ్ళు ఉన్నారో దసరాలోపు చెప్పండి, కింది గదులు వాళ్ళకి ఉంచుతాం. అక్కడ అలలు బలంగా ఉంటాయి, చిన్నపిల్లల్ని సముద్రం వైపు ఒంటరిగా వదలకండి. రాత్రి గాలికి పెద్దవాళ్ళకి శాలువా ఉంటే మంచిది.

పరీక్షలున్న పిల్లల్ని, అంతదూరం రాలేని పెద్దల్ని బలవంతపెట్టం. వాళ్ళకోసమే 24 బుధవారం సాయంత్రం శ్రీకాకుళంలో విందు ఉంది. అది చూసుకుని మిగతావాళ్ళు "అక్కడికే వస్తాంలే" అంటే మాత్రం ఊరుకోను.

వస్తున్నారో లేదో, ఎంతమందో ఈ నంబరుకే వాట్సాప్ చేయండి. గ్రూపులో పెడితే గుడ్ మార్నింగుల మధ్య కనపడకుండా పోతుంది.

మీ
అప్పలనాయుడు, పార్వతి
శ్రీకాకుళం