తరుగు | తెలుగు షార్ట్ ఫిల్మ్ | 22 ని. 40 సె. | 4కె

వడ్లు కల్లంలో ఉన్నాయి, మొగులు పట్టింది, సీరియల్ నంబర్ ఇంకా రాలేదు: తెల్లారేలోపు కొనుగోలు కేంద్రంలో కాంట వేయించుకోవాలని తిప్పలు పడే అన్నదమ్ముల ఒక్క రాత్రి.

నిడివి: 22 నిమిషాల 40 సెకన్లు. అందులో చివరి 1 నిమిషం 35 సెకన్లు పేర్లే, కానీ వాటి కింద శబ్దం నడుస్తూనే ఉంటుంది. పేర్లు రాగానే ఆపేయకండి.
భాష: తెలుగు, నల్లగొండ యాస
సబ్‌టైటిల్స్: తెలుగు, ఇంగ్లిష్, హిందీ. CC నొక్కి వీటిలో ఒకటి ఎంచుకోండి. ఆటోమేటిక్‌గా వచ్చేవి పెట్టుకుంటే యాస మొత్తం తప్పుగా పడుతుంది.

నటీనటులు
మల్లయ్య (అన్న): శ్రీకాంత్
సైదులు (తమ్ముడు): నరేష్
యాదమ్మ (సెంటర్ ఇన్‌ఛార్జి): స్వరూప
హమాలీ మేస్త్రి: వెంకన్న
డీసీఎం వ్యాను డ్రైవర్: ఫయాజ్
ఫోన్‌లో వినిపించే మల్లయ్య భార్య గొంతు: సుజాత
కాంట మీద బస్తాలు ఎత్తేది నటులు కాదు, ఆ పని రోజూ చేసే హమాలీలే. సంచి మూతి కుట్టే చేతులూ వాళ్లవే.

సాంకేతిక బృందం
రచన, దర్శకత్వం: ప్రవీణ్
ఛాయాగ్రహణం: హరిత
ఎడిటింగ్: కిరణ్
సింక్ సౌండ్, సౌండ్ డిజైన్: మనోజ్
కళ: రాజేశ్వరి
కలర్: విజయ్
యాస, సంభాషణల సహకారం: లింగస్వామి
సబ్‌టైటిల్స్: అనూష
నిర్మాణం: బృంద సభ్యుల సొంత డబ్బు

ఫెస్టివల్స్
2023 హైదరాబాద్: పోటీ విభాగం, తొలి ప్రదర్శన
2024 త్రివేండ్రం: అధికారిక ఎంపిక
2024 పుణె: అధికారిక ఎంపిక, సౌండ్ డిజైన్‌కు ప్రత్యేక ప్రస్తావన
మొదటి రెండూ ఎంపికలు మాత్రమే, అవార్డులు కావు. పూర్తి పేర్లున్న ఫెస్టివల్ గుర్తులు, అంటే లారెల్స్, సినిమా మొదటి 8 సెకన్లలో పడతాయి. థంబ్‌నెయిల్ మీద వేయలేదు, ఫోన్ తెర మీద అవి మొహాలను మింగేస్తాయి. ఇన్నాళ్లూ ఇక్కడ పెట్టకపోవడానికి కారణం కూడా ఫెస్టివల్సే: ఆన్‌లైన్‌లో ముందే ఉన్న సినిమాను చాలాచోట్ల పోటీకి తీసుకోరు.

ఫెస్టివల్ కాపీకీ దీనికీ రెండు తేడాలున్నాయి. అక్కడ డీసీఎం క్యాబిన్‌లో ఒక సినిమా పాట మోగేది. ఆ పాటకు తీసుకున్న అనుమతి ఫెస్టివల్ ప్రదర్శనల వరకే, ఆన్‌లైన్‌కు విడిగా కొనాలి. అందుకే పాట తీసేసి ఆ షాట్లను 50 సెకన్లు కుదించాం. రెండోది సౌండ్. హాలు కోసం చేసిన 5.1 మిక్స్‌ను నేరుగా స్టీరియోకు దించితే వడ్లపై కప్పిన పరదాల మీద పడే వాన మాటలను కప్పేసింది, కాబట్టి స్టీరియో మిక్స్ కొత్తగా చేశాం. అయినా జనరేటర్ గుర్రు ఫోన్ స్పీకర్‌లో సరిగా వినపడదు. అది ఎక్కడ ఆగుతుందన్నది కథకు ముఖ్యం, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

కెమెరా గురించి ఆసక్తి ఉన్నవాళ్లకు: మొత్తం సెకనుకు 25 ఫ్రేముల చొప్పున, షటర్ 1/50 సెకను. కొనుగోలు కేంద్రంలోని ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు 50 హెర్ట్జ్ కరెంటు మీద మిణుకుమనకుండా ఈ లెక్క. కరెంటు ఉన్నంతసేపు ఇది పనిచేసింది. జనరేటర్ మీద లోడ్ పెరిగినప్పుడు ఫ్రీక్వెన్సీ పడిపోయి చారలొచ్చాయి. 14వ నిమిషంలో యాదమ్మ రిజిస్టర్ తిప్పే షాట్‌లో అవి కనిపిస్తాయి, మీ ఫోన్ బాగానే ఉంది. చారల్లేని టేక్ ఉంది, కానీ అందులో స్వరూప గారు ఇంత బాగా చేయలేదు.

వడ్ల కొనుగోలు కేంద్రం ఎప్పుడూ చూడనివాళ్లకు ఇంత తెలిస్తే చాలు: తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు, మళ్లీ ఆరబోయాలి. ఆరబోసినవి వానకు తడిస్తే కథ మొదటికొస్తుంది. బస్తా తూకం 40 కిలోలు, తాలు, మట్టి పేరు చెప్పి దాని మీద అదనంగా అడిగేదే తరుగు.

అప్‌లోడ్ అయిన కొన్ని గంటలదాకా 4కె రాకపోవచ్చు. సినిమా అంతా రాత్రే, తక్కువ క్వాలిటీలో చీకటి గడులు గడులుగా విడిపోతుంది. సెట్టింగ్స్‌లో కనీసం 1080 కనిపించాకే మొదలుపెట్టండి. చాప్టర్లు కావాలనే పెట్టలేదు, వాటి పేర్లే కథ చెప్పేస్తాయి. కామెంట్లలో ముగింపు గురించి రాసేవాళ్లు మొదటి లైన్‌లో "స్పాయిలర్" అని పెట్టి, నాలుగైదు లైన్లు వదిలి రాయండి. కాంట మీద చివరి అంకె ఎంతో రాసిన కామెంట్లు తీసేస్తాం.

ఫిల్మ్ క్లబ్బులు, కాలేజీలు, రైతు సంఘాలు ఉచితంగా వేసుకోవచ్చు. థియేటర్ ప్రొజెక్టర్‌కు వాడే డీసీపీ కాపీ గానీ, పెన్‌డ్రైవ్‌లో మామూలు ఫైల్ గానీ కావాలంటే ఛానెల్ పేజీలోని మెయిల్‌కు ఊరు, తేదీ, ప్రొజెక్టర్ వివరం రాయండి. టికెట్ పెట్టకూడదు, కత్తిరించి మరో ఛానెల్‌లో వేయకూడదు.

#తరుగు #తెలుగుషార్ట్‌ఫిల్మ్ #స్వతంత్రసినిమా #నల్లగొండ