విజయనగరం వృత్తి శిక్షణ కేంద్రం: 2026-27 బడ్జెట్ ప్రతిపాదన

కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

ఏప్రిల్ నుంచి మొదలయ్యే సంవత్సరానికి లెక్క ఇది. మొదటి మాట ముందే చెప్పేస్తాను: ఈసారి మనకు రూ. 5,63,000 లోటు కనిపిస్తోంది. ప్లేస్‌మెంట్ పద్దు రూ. 5,59,000. రెండు అంకెలూ దగ్గరగా ఉన్నాయి కనుక ఆ పద్దు కొట్టేస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అలా ఎందుకు చేయకూడదో కింద రాశాను.

పోయినేడు ఏమైంది

196 మంది చేరారు. 128 మందికి ఉద్యోగ పత్రాలు వచ్చాయి, ఫొటోలు తీశాం, గోడకు అంటించాం. మూడు నెలల తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తే పనిలో ఉన్నది 81 మంది. ఏడాది ఖర్చు రూ. 20,41,000. చేరినవారితో భాగిస్తే తలకు రూ. 10,400 పడింది, చవకే అనుకున్నాం. నిలిచినవారితో భాగిస్తే ఒక్కో ఉద్యోగానికి రూ. 25,200 అయింది. ఇన్నాళ్లూ మనం చూసింది మొదటి లెక్కే. ఈసారి బడ్జెట్‌ను రెండో లెక్క మీద కట్టాను.

బ్యాచ్‌లు, ఫీజులు

| కోర్సు | గడువు | బ్యాచ్‌లు | మంది | ఫీజు (రూ.) | మొత్తం (రూ.) |
|---|---|---|---|---|---|
| వెల్డింగ్ (ఆర్క్, మిగ్) | 3 నెలలు | 3 | 60 | 9,000 | 5,40,000 |
| ఎలక్ట్రీషియన్ | 3 నెలలు | 3 | 60 | 7,500 | 4,50,000 |
| ఫ్యాక్టరీ కుట్టు | 2 నెలలు | 5 | 100 | 3,000 | 3,00,000 |
| మొత్తం | | 11 | 220 | | 12,90,000 |

ఇందులో 12 శాతం రాదని ముందే తీసేశాను. కొందరికి రాయితీ ఇస్తాం, కొందరు రెండో వాయిదా కట్టకుండానే మానేస్తారు. రూ. 1,55,000 పోగా చేతికి వచ్చేది రూ. 11,35,000.

వెల్డింగ్ ఫీజు రూ. 8,000 నుంచి రూ. 9,000 చేశాను. కుట్టు ఫీజు ముట్టుకోలేదు. ఆ బ్యాచ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది పల్లెల నుంచి బస్సులో వచ్చే ఆడపిల్లలు, రెండు నెలల బస్సు చార్జీలే వాళ్లకు ఫీజుకు దగ్గరగా పడుతున్నాయి.

బ్యాచ్ ఎంతమందితో మొదలుపెట్టాలన్నది ఇకపై మొహమాటానికి వదలకూడదు. వెల్డింగ్‌లో తలకు సగటున వసూలయ్యేది రూ. 7,920. సామానుకు రూ. 2,200 పోతే మిగిలేది రూ. 5,720. ఒక బ్యాచ్ వంతుకు వచ్చే ఇన్‌స్ట్రక్టర్ జీతం రూ. 88,000. అంటే 16 మంది ఉంటేనే ఆయన జీతం గిట్టుతుంది, కరెంటు, అద్దె ఇంకా లెక్కలోకే రాలేదు. ఇదే పద్ధతిలో ఎలక్ట్రీషియన్‌కు 15 మంది, కుట్టుకు 18 మంది. అంతకంటే తక్కువైతే బ్యాచ్ రెండు వారాలు వెనక్కి జరుపుతాం.

వరి ఉభాల రోజుల్లో ఇంటికొక మనిషి పొలంలో ఉంటారు కాబట్టి జులైలో కొత్త బ్యాచ్ పెట్టడం లేదు. సిరిమానోత్సవం వారం సెలవే. ఆ మంగళవారం హాజరు వేయాలని పోయినేడు పట్టుబట్టింది నేనే, వచ్చింది నలుగురు.

ఇన్‌స్ట్రక్టర్ల జీతాలు

వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్‌కు నెలకు రూ. 22,000, ఎలక్ట్రీషియన్‌కు రూ. 20,000, కుట్టుకు రూ. 16,000, వర్క్‌షాప్ సహాయకుడికి రూ. 11,000. గంటల లెక్కన వచ్చి మాట్లాడటం, ఇంటర్వ్యూ, భద్రత నేర్పేవారికి గంటకు రూ. 500 చొప్పున 120 గంటలకు రూ. 60,000. మొత్తం రూ. 8,88,000.

వెల్డింగ్ జీతం ఒక్కసారిగా రూ. 5,000 పెంచడం మీద ప్రశ్న వస్తుందని తెలుసు. పోయినేడు రూ. 17,000 మీద ఉన్న మనిషి బ్యాచ్ మధ్యలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపుకు రూ. 26,000 మీద వెళ్లిపోయాడు. పదకొండు రోజులు షెడ్డులో నేర్పేవాళ్లు లేరు. ఆరుగురు కుర్రాళ్లు మానేశారు, రెండో వాయిదా రూ. 24,000 పోయింది. దానికంటే ఎక్కువగా, ఆ ఆరుగురూ వాళ్ల ఊళ్లలో మన గురించి చెప్పిన మాట వల్ల తర్వాతి బ్యాచ్ నింపడానికి నెల పట్టింది. మంచి వెల్డర్ చేయి బయట ఎంత పలుకుతుందో అంతకు దగ్గరగా ఇవ్వకపోతే మన దగ్గర మిగిలేది నేర్పలేనివాళ్లే.

మొత్తం సిబ్బంది ఏడుగురమే కాబట్టి పీఎఫ్, ఈఎస్‌ఐ తప్పనిసరి కావు. బదులుగా అందరికీ, ట్రైనీలకు కూడా, ప్రమాద బీమా తీసుకుంటున్నాం. అది ఆఫీసు పద్దులో ఉంది.

యంత్రాలు, పనిముట్లు

పన్నులు కలిపిన ధరలు ఇవి.

| వస్తువు | రూ. |
|---|---|
| మిగ్ వెల్డింగ్ మిషన్లు 2 | 1,30,000 |
| ఇన్వర్టర్ ఆర్క్ మిషన్లు 3 | 36,000 |
| ఫ్యాక్టరీ కుట్టు మిషన్లు 8 | 1,92,000 |
| ఓవర్‌లాక్ మిషన్లు 2 | 64,000 |
| వైరింగ్ ప్రాక్టీసు ప్యానెళ్లు 4 | 72,000 |
| మెగ్గర్, మల్టీమీటర్లు, చేతి పనిముట్లు | 46,000 |
| పొగ ఫ్యాన్లు, ఎర్తింగ్, హెల్మెట్లు, మంటలార్పే సిలిండర్లు | 90,000 |
| రవాణా, బిగింపు | 25,000 |
| మొత్తం | 6,55,000 |

దాత సంస్థ ఒకటి రూ. 6,00,000 ఇస్తామని ఉత్తరం రాసింది. డబ్బు ఇంకా రాలేదు. వచ్చేదాకా చివరి రెండు పద్దులూ తప్ప ఏదీ కొనం. పొగ ఫ్యాన్లూ ఎర్తింగూ మాత్రం ఏప్రిల్‌లోనే కావాలి, దాతల కోసం ఆగే పని కాదు. మన వాటా రూ. 55,000.

కుట్టు మిషన్లు ఎందుకంటే, ఇప్పుడున్నవి పన్నెండే. ఇరవై మంది బ్యాచ్‌లో ఎనిమిది మంది ఎప్పుడూ పక్కన నిలబడి చూస్తూ ఉంటారు. ఫ్యాక్టరీలో మొదటి రోజే గంటకు ఎన్ని ముక్కలు కుట్టావని అడుగుతారు. చూసి నేర్చుకున్న పిల్ల అక్కడ పది రోజులు నిలబడదు.

నడిచే సామాను ఏడాదికి రూ. 2,36,000. వెల్డింగ్‌కు రూ. 1,32,000, ఎలక్ట్రీషియన్‌కు రూ. 54,000, కుట్టుకు రూ. 50,000. ఎక్కువ భాగం 3.15 ఎం.ఎం. రాడ్లకే పోతుంది. ప్రాక్టీసుకు గేట్ల షాపుల నుంచి ముక్కలు తూకానికి తెస్తున్నాం, కొత్త ప్లేటు పరీక్షకే ఇస్తాం. రాడ్డు చివర రెండంగుళాలు మిగలకముందే పారేసే అలవాటు మాన్పిస్తే ఇందులో కొంత మిగలాలి, కానీ దాన్ని లెక్కలో వేసుకోలేదు.

ప్లేస్‌మెంట్ ఖర్చు

గ్రామీణ యువత కోసం కేంద్రం నడిపే శిక్షణ పథకం డీడీయూ-జీకేవైలో 70 శాతం మందికి ఉద్యోగం అన్నది కనీస లక్ష్యం. మనమూ అదే పెట్టుకున్నాం. 220లో 70 శాతం అంటే 154 మంది. కోర్సుల వారీగా వెల్డింగ్‌లో 48, ఎలక్ట్రీషియన్‌లో 39, కుట్టులో 67.

అయితే ఇది పనిలో చేరేవారి సంఖ్య. తొంభయ్యో రోజున 154 మంది ఉండాలంటే, నలుగురిలో ఒకరు వెనక్కి వచ్చినా, 206 మందిని పనిలో చేర్పించాలి. మన దగ్గర కోర్సు పూర్తిచేసేవాళ్లే అంతమంది ఉండరు. అందుకే రెండో లక్ష్యాన్ని విడిగా రాస్తున్నాను: తొంభయ్యో రోజున 124 మంది. పోయినేడు పనిలో చేరినవాళ్లలో 63 శాతం నిలిచారు, ఈసారి 80 శాతం నిలవాలి.

ఎందుకు వెనక్కి వస్తున్నారో తెలుసుకోవడానికి తిరిగొచ్చిన 47 మందిలో 31 మందితో మాట్లాడాను. పని రాక వచ్చినవాళ్లు ఐదుగురే. మిగతావాళ్లది డబ్బు, బెంగ. అచ్యుతాపురం దుస్తుల ఫ్యాక్టరీకి గానీ గాజువాక షెడ్లకు గానీ వెళ్లిన మనిషికి మొదటి జీతం తర్వాతి నెల పదో తేదీకి చేతికొస్తుంది. అంటే నలభై రోజులు. గది అడ్వాన్సు, భోజనం, ఒక చెంబు, ఒక చాప కూడా కొనుక్కోవాలి. ఇంట్లో అప్పు చేసి పంపినవాళ్లు ఇరవయ్యో రోజుకే 'వచ్చేయమ్మా' అని ఫోన్ చేస్తున్నారు. భోగాపురం, బొబ్బిలి, పైడిభీమవరం వైపు వెళ్లినవాళ్లు ఎక్కువగా నిలిచారు, ఇంటి అన్నం తిని వెళ్తారు కనుక. కానీ అక్కడ మనవాళ్లందరికీ చోటు దొరకదు.

| పద్దు | రూ. |
|---|---|
| ప్లేస్‌మెంట్ అధికారి జీతం (నెలకు 18,000) | 2,16,000 |
| ఆయన తిరుగుడు (నెలకు 6,000) | 72,000 |
| దూరం వెళ్లే 70 మందికి మొదటి నెల సాయం (తలకు 2,500) | 1,75,000 |
| ఫోన్లు, పత్రాలు, జీతం చీటీల సేకరణ | 24,000 |
| కంపెనీలను పిలిచే రోజులు 4 | 36,000 |
| తిరిగొచ్చిన 30 మందికి రెండో చోటు | 36,000 |
| మొత్తం | 5,59,000 |

పనిలో చేరిన మనిషికి రూ. 3,630, నిలిచిన మనిషికి రూ. 4,508. మొదటి నెల సాయం అప్పుగా ఇవ్వాలా అని గుమస్తా అడిగాడు. రూ. 2,500 కోసం మూడు నెలలు వెంటపడితే వాళ్లు మన ఫోన్ ఎత్తడం మానేస్తారు, నిలిచారో లేదో కూడా తెలియదు. సాయంగానే ఇద్దాం, రెండు విడతలుగా: వెళ్లే రోజు రూ. 1,500, ఇరవయ్యో రోజున రూ. 1,000.

మొత్తం లెక్క

| ఖర్చు | రూ. |
|---|---|
| శిక్షణ జీతాలు | 8,88,000 |
| ఇన్‌చార్జి, గుమస్తా జీతాలు | 3,60,000 |
| అద్దె | 2,64,000 |
| కరెంటు | 1,68,000 |
| నడిచే సామాను | 2,36,000 |
| యంత్రాల మరమ్మతు | 72,000 |
| ఆఫీసు, ఆడిట్, బీమా | 96,000 |
| ప్లేస్‌మెంట్ | 5,59,000 |
| యంత్రాల్లో మన వాటా | 55,000 |
| మొత్తం | 26,98,000 |

రాబడి: ఫీజులు రూ. 11,35,000, యూనిఫారాల కుట్టు, కిటికీ గ్రిల్లుల పని రూ. 2,00,000, విరాళాలు రూ. 8,00,000. మొత్తం రూ. 21,35,000. విరాళాల్లో రూ. 5,00,000 ఖాయం, మిగతాది మాట మీద ఉంది.

యంత్రాల వాటా తీసేస్తే నడిపే ఖర్చు రూ. 26,43,000. 124 మందితో భాగిస్తే ఒక్కో నిలిచిన ఉద్యోగానికి రూ. 21,300. ప్లేస్‌మెంట్‌కు పద్దే లేని పోయినేడు అది రూ. 25,200. ఈ పద్దు కొట్టేసి, నిలిచేవాళ్ల సంఖ్య మళ్లీ 81కి పడిపోతే, మిగిలిన ఖర్చుకు ఒక్కో ఉద్యోగం రూ. 25,700 అవుతుంది.

లోటు, కమిటీ తేల్చాల్సినవి

రూ. 5,63,000లో రూ. 3,00,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ నుంచి తీయడానికి అనుమతి కావాలి. అందులో ఇప్పుడు రూ. 4,10,000 ఉంది. తొంభై రోజులు నిలిచిన మనిషికి రూ. 2,000 చొప్పున ఇవ్వమని కంపెనీలను అడుగుతాం. అందరూ ఇవ్వరు, 40 మందికి ఇస్తారని రూ. 80,000 వేశాను. మిగిలిన రూ. 1,83,000 సభ్యులు సమకూర్చాలి.

అక్టోబర్ సమావేశం నాటికి మాట మీద ఉన్న విరాళం రాకపోతే ముందు గుమస్తా ఉద్యోగం సగం రోజుకు తగ్గిస్తాం, నెలకు రూ. 8,000 అద్దె ఉన్న చిన్న షెడ్డు ఖాళీ చేసి ఎలక్ట్రీషియన్ ప్రాక్టీసును సాయంత్రాలు కుట్టు హాల్లోకి మారుస్తాం, ఓవర్‌లాక్ మిషన్లు వాయిదా వేస్తాం. ఆ తర్వాత నా జీతం ఆలస్యమైనా సరే. మొదటి నెల సాయం, వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్ జీతం, ఈ రెండూ ఆఖరున.

మొదటి వెల్డింగ్ బ్యాచ్ ఏప్రిల్ మూడో వారంలో. ఇప్పటికి డబ్బు కట్టినవాళ్లు 13 మంది, ఇంకా ముగ్గురు కావాలి.

సెంటర్ ఇన్‌చార్జి
విజయనగరం, మార్చి 2026