కథల సంపుటి లోపలి బొమ్మలకు ప్రాంప్టులు

సంపుటిలోని ఐదు భాగాలకు భాగానికొక బొమ్మ చొప్పున ఈ ప్రాంప్టులు రాశాను. ఏ బొమ్మలోనూ మనిషి గాని, ముఖం గాని, ఖాళీ కుర్చీ గాని, వాన కురుస్తున్న కిటికీ గాని కనిపించకూడదు. అవి కంటబడగానే పాఠకుడు ‘ఒంటరితనమన్నమాట’ అనుకుని పుట తిప్పేస్తాడు. బొమ్మ దగ్గర ఆగవలసిన పని అతనికి ఉండదు. అక్కరలేని వస్తువు పేరును ప్రాంప్టులో ‘ఉండకూడదు’ అని రాసినా బొమ్మలు గీసే ఏఐ మోడల్ తరచూ ఆ వస్తువునే గీస్తుంది కాబట్టి, వాటిని నెగటివ్ ప్రాంప్టు గడిలో మాత్రమే ఇవ్వాలి. ఆ గడిలోని మాటలు ఐదు బొమ్మలకూ ఇవే:

```
person, face, silhouette, chair, window, rain, moon, text
```

నాలుగో బొమ్మ తప్ప అన్నీ 2:3 నిలువు నిష్పత్తిలో ఉంటాయి. నాలుగోది ఎదురెదురు పుటల మీద పరుచుకుంటుంది కనుక దానికి 4:3 ఇవ్వాలి.

ఒకటి: గుంపులో ఒంటరితనం

ప్రాంప్టు: అంచు నుంచి అంచు దాకా గుండ్రని మెత్తటి రూపాలు కిక్కిరిసి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, అన్నీ కుడివైపుకు ఒకే వాలులో ఒరిగి ఉన్నాయి. ముదురు నారింజ, కాషాయం, పండిన పసుపు రంగులను మందంగా పూసిన తైలవర్ణ చిత్రమిది. కుంచె జాడలు ఒక రూపం మీద మొదలై పక్క రూపం మీదికి సాగిపోతాయి. కుడివైపు కింది భాగంలో ఒక్క రూపం మాత్రం, మిగతావాటి ఆకారంతోనే, వాటి పరిమాణంతోనే, తటస్థమైన బూడిద రంగులో నిటారుగా నిలిచి ఉంది. దాని చుట్టూ వెంట్రుకవాసి వెడల్పున పూతపడని తెల్లటి కాన్వాస్ బయటపడి ఉండటం వల్ల అది పక్కవాటిలో దేనినీ తాకడం లేదు. అన్ని రూపాల నీడలూ ఒకదానిమీదొకటి పడి కలిసిపోతుండగా, దీని నీడ దాని అడుగునే ముడుచుకుంది. చిత్రమంతటా ఒకే వెలుతురు పరుచుకుంది.

ఆ బూడిద రూపానికి నీలం కలపమని మోడల్‌కు చెప్పవద్దు. పక్కపక్కన ఉన్న రంగులు కంటికి ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లో వివరంగా రాశాడు. ఆ ప్రకారం నారింజ నడుమ పెట్టిన బూడిద తనంతట తానే నీలిగా తోస్తుంది. ఈ కథల్లో మనుషులకు దిగులు తమలోంచి పుట్టదు, చుట్టూ ఉన్నవాళ్ల సందడి వల్ల పుడుతుంది. అందుకే ఆ నీలిమ కూడా చుట్టుపక్కల రంగుల నుంచే రావాలి. తెల్లటి సందు వెడల్పయితే బొమ్మ చెడుతుంది: అప్పుడది వెలివేతలా కనిపిస్తుంది, ఇక్కడ ఎవరూ ఎవరినీ వెలివేయలేదు.

రెండు: తోడు పోయాక మిగిలిన ఒంటరితనం

ప్రాంప్టు: అంతులేని ఉప్పు మైదానం మీద, చిత్రానికి ఎడమ అంచుకు దగ్గరగా, పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు, సున్నపురాతి స్తంభమొకటి నిలబడి ఉంది. దాని పాదం నుంచి రెండు నీడలు బయలుదేరాయి. మొదటి నీడ ముదురు ఊదా రంగులో, పదునైన అంచులతో, వెలుతురుకు ఎదురు దిశలో సాగింది. రెండోది వెచ్చని గులాబీ గోధుమ రంగులో, వెలుతురు వస్తున్న దిశలోకే అసంభవంగా సాగి, కుడివైపున నేలలోకి ఇంకిపోయింది. నేల మీది పగుళ్ల గీతలు దూరం పోతూ ఒకే బిందువు దగ్గర కలవవలసి ఉండగా, ఎడమ సగంలోవి ఒక బిందువు వైపు, కుడి సగంలోవి మరో బిందువు వైపు పోతున్నాయి. దిగంతరేఖ చిత్రం పై అంచుకు చాలా దగ్గరగా ఉంది. ఆకాశానికి మిగిలిన సన్నని పట్టీ ఆకుపచ్చ ఛాయ గల లేత పసుపు రంగులో, సమయం తెలియనివ్వకుండా ఉంది.

ఇక్కడ పనంతా గీతలదే. 1910లలో ఇటలీ చిత్రకారుడు ద కిరికో వేసిన కూడలి దృశ్యాల్లో కట్టడాల గీతలు ఒకే బిందువు దగ్గర కలవవు. చూసేవాడు కారణం చెప్పలేకపోయినా ఆ చోట తనకు నిలకడ లేదని గ్రహిస్తాడు. మనకు కావలసింది ఆ అస్థిరతే గాని ఆయన తోరణాలూ విగ్రహాలూ కావు. ఆయన పేరు ప్రాంప్టులో పెడితే అవన్నీ వచ్చి కూర్చుంటాయి. మోడళ్లకు దృక్పథ రేఖలను తప్పుగా గీయమంటే సరిదిద్దే అలవాటు ఉంది కాబట్టి, పగుళ్ల వాక్యాన్ని ప్రాంప్టు మొదట్లోకి తెచ్చి ఒకసారి చూడాలి. అయినా లొంగకపోతే ఎడమ, కుడి సగాలను విడివిడిగా గీయించి అతకడమే మేలు.

మూడు: కోరుకున్న ఏకాంతం

ప్రాంప్టు: పాలమీగడ రంగు నేపథ్యం సరిగ్గా నడుమ చిన్న గోళం. దాని లోపలి నుంచి తేనె రంగు వెలుతురు వచ్చి, అంచులకు చేరేలోగా మెల్లగా నేపథ్యంలో కలిసిపోతుంది. నీడ ఎటూ పడటం లేదు. పలుచని నీటిరంగు పూత, గరుకు కాగితం.

ఈ బొమ్మకు ఇంతకంటే మాటలు అక్కరలేదు. మొదటి రెండు బొమ్మల్లో ప్రధాన రూపం అంచుకు నెట్టబడింది, ఇక్కడ నడిమికి వచ్చింది. రెండో బొమ్మలోలాగే చుట్టూ శూన్యం ఉన్నా అర్థం మారిపోతుంది.

నాలుగు: వాయిదా వేసిన దుఃఖం

ప్రాంప్టు: చిత్రంలో పై నాలుగింట మూడు వంతులను ప్రష్యన్ నీలం రంగులో ఒకే బరువైన ముద్ద ఆక్రమించింది. అది నీరో, బట్టో, రాయో తేల్చుకోలేని మెరుపుతో ఉంది. దాని అడుగు భాగం ఎడమవైపు మూడో వంతు దగ్గర కిందికి ఉబ్బి, తొణకబోయి ఆగింది. ఆ బరువునంతా చిత్రం ఈ చివర నుంచి ఆ చివరకు సాగిన ఒక్క సన్నని పచ్చటి గీత మోస్తోంది. ఉబ్బు ఆనిన చోట మాత్రం ఆ గీత కొద్దిగా వంగింది. గీతకు దిగువన పొడి ఇసుక రంగు, అందులో ఎక్కడా తడి లేదు, కదలిక లేదు.

ఉబ్బును ఎడమకు జరపడానికి కారణం అందం ఒక్కటే కాదు. రెండు పుటల మధ్య మడతలో పడితే ఆ వంపు కుట్టులోకి పోయి గీత తెగినట్టు కనిపిస్తుంది, ఈ భాగంలోని కథల్లోనేమో చివరిదాకా ఏదీ తెగదు. పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో బెర్లిన్‌లో తయారైన ఆ నీలాన్నే అడగడం కూడా కావాలనే చేశాను. మందంగా పూస్తే అది దాదాపు నలుపైపోతుంది, పలుచనైన అంచుల్లోనే తన నీలాన్ని బయటపెడుతుంది. అందుకని ముద్ద మధ్యభాగం నల్లగా, ఉబ్బు కొస మాత్రమే నీలంగా రావాలి. ముద్రణలో ఆ చీకటి భాగాలు పూర్తిగా మూసుకుపోయే ప్రమాదం ఉంది కనుక ముందుగా ఒక ప్రూఫ్ తీసి చూడాలి.

ఐదు: అసూయ

ప్రాంప్టు: నిలువుగా రెండే రంగు క్షేత్రాలు. ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ. రెండింటి వెలుగు స్థాయి సరిసమానం. సరిహద్దు నిటారుగా మొదలై, దిగువకు వచ్చేసరికి ఎరుపు పొడవాటి కొక్కెంలా వంగి ఆకుపచ్చలోకి చొచ్చుకుపోయింది గాని దాని మధ్యలోని చిన్న వెలుగు చుక్కను అందుకోలేదు. ఎరుపు వైపు ఉపరితలం గోళ్లతో గీరినట్టు గరుకుగా, ఆకుపచ్చ వైపు గాజులా నునుపుగా ఉంది.

వెలుగు స్థాయి సమానంగా ఉన్నప్పుడే ఆ సరిహద్దు కంటి ముందు అదురుతున్నట్టు కనిపిస్తుంది, చూపు అక్కడ నిలవలేకపోతుంది. వచ్చిన బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి చూడాలి. రెండు క్షేత్రాలూ ఒకే బూడిదగా కలిసిపోతే సరిపోయినట్టు, సరిహద్దు ఇంకా తెలుస్తుంటే ముదురుగా కనిపించే రంగును తేలిక చేసి మళ్లీ ప్రయత్నించాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చుకోలేని పాఠకులకు ఈ బొమ్మలో రంగు ద్వారా ఏమీ అందకపోవచ్చు. గరుకూ నునుపూ పెట్టింది వారి కోసమే కాబట్టి, రంగులు కుదిరాయి కదా అని ఆ చివరి వాక్యాన్ని ప్రాంప్టులోంచి తీసివేయవద్దు.