నెలకోసారి టైర్లు చూసుకో, అమ్మలూ

అమ్మలూ,

సోమవారం నుంచి కారు నువ్వొక్కదానివే తీసుకెళ్తావు. నడపడం నీ చేతికి బాగా వచ్చేసింది, ఆ భయం నాకు లేదు. నా ధ్యాసంతా టైర్ల మీదే. అంత కారులోనూ రోడ్డును తాకేది ఒక్కో టైరు కింద అరచేయంత జాగానే. అందుకని ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే, కారు కదపకముందే, ఒక్క పది నిమిషాలు వాటి దగ్గర కూర్చో.

ముందు గాలి. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, అంటే బండి ఆపి కనీసం మూడు గంటలు కావాలి. తిరిగొచ్చిన వెంటనే చూస్తే వేడికి అంకె పెరిగి కనిపిస్తుంది, తక్కువున్నా సరిపోయిందనుకుంటావు. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తెరిస్తే అంచున స్టిక్కర్ మీద ఉంటుంది. మన కారుకి నాలుగింటికీ 33 పీఎస్ఐ. టైరు పక్కన అచ్చయిన పెద్ద అంకె చూసి కొట్టించకు, అది టైరు తట్టుకోగల గరిష్ఠం. పంక్చర్ లేకపోయినా నెల తిరిగేసరికి ఒక పీఎస్ఐ దాకా తగ్గడం మామూలే, చలికాలంలో ఇంకాస్త. కంటితో చూసి, కాలితో తన్ని చెప్పలేం. ఇన్నేళ్లుగా నడుపుతున్న నేనూ చెప్పలేను. గేజి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. చూశాక వాల్వ్ మూతలు మళ్లీ బిగించు.

తర్వాత అరుగుదల. గాడుల మధ్య అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి. పైభాగం అరిగి వాటితో సమానమైందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టే, ఇక మార్చాల్సిందే. నువ్వు మాత్రం అందాకా ఆగకు. 3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే నాకు చెప్పు, వానలో నీళ్లను పక్కకు తోసేది ఆ గాడులే. నడిమధ్య అరిగితే గాలి ఎక్కువవుతోందని, రెండంచులూ అరిగితే తక్కువవుతోందని గుర్తు. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ చూపించు.

పక్కలు చేత్తో తడిమి చూడు. బుడిపెలా ఉబ్బితే లోపల దారాలు తెగినట్టు. ఆ టైరుతో వీధి చివరికి కూడా వెళ్లొద్దు, తల్లీ. మేకు దిగి కనిపిస్తే పీకేయకు, పీకితే ఉన్న గాలీ పోతుంది. స్టెప్నీ వేసుకుని పంక్చర్ షాపుకి తీసుకెళ్లు.

ఆ స్టెప్నీనే చాలామంది మరిచిపోతారు. నువ్వు పసిపిల్లగా ఉన్నప్పుడు ఒక రాత్రి టైరు పంక్చరై డిక్కీ తీస్తే, స్టెప్నీలోనూ గాలి లేదు. మీ అమ్మ నిన్ను ఒళ్లో పెట్టుకుని రెండు గంటలు కారులోనే కూర్చుంది. అప్పట్నుంచి నాలుగు కాదు, ఐదు టైర్లూ చూస్తున్నాను. జాకీ, వీల్ స్పానర్ కూడా ఉన్నాయో లేదో చూసుకో.

మొదటి ఆదివారం గేజి చూశాక ఐదు అంకెలూ ఫోన్ చేసి చెప్పు. రాసిపెట్టుకుంటాను.

నాన్న