హాజరు: సుద్దముక్కతో తీసే మూడు నిమిషాల యానిమేషన్ చిత్రానికి అనుమతి, ఆర్థిక సాయం కోరుతూ ప్రిన్సిపాల్ గారికి లేఖ

హైదరాబాదు,
7 జూలై 2025.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ మేడమ్ గారికి,

విషయం: పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోవడం మీద మన పాఠశాలలో యానిమేషన్ చిత్రం తీయడానికి అనుమతి, రూ. 25,000 సాయం కోరుతూ.

నమస్కారం మేడమ్. నేను హారికను. కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయి, పరీక్ష రాయకుండానే పాసైన 2021 బ్యాచ్ విద్యార్థినిని. ఏడో తరగతి 'బి' సెక్షన్‌లో మీరు మాకు లెక్కలు చెప్పారు. లెక్కల నోట్సు చివరి పేజీల్లో బొమ్మలు గీస్తుంటే ఒకసారి పట్టుకుని, తిడతారనుకుంటే, "కనీసం ఇవైనా పూర్తి చెయ్యి" అన్నారు. ఇప్పుడు మాసబ్ ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలిత కళల విశ్వవిద్యాలయంలో బీఎఫ్ఏ యానిమేషన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. బొమ్మలు పూర్తి చేయడమే చదువైపోయింది.

చిత్రం సంగతి చెప్పేముందు నా గురించి ఒక విషయం చెప్పాలి. ఇది దాచి మిమ్మల్ని డబ్బు అడగడం నాకు న్యాయంగా తోచలేదు.

ఏడో తరగతి మధ్యలో మా సెక్షన్‌లోకి ఒక అబ్బాయి కొత్తగా వచ్చాడు. పాఠం పైకి చదివేటప్పుడు మొదటి అక్షరం దగ్గర అతనికి మాట తట్టుకునేది. ఒకరోజు తెలుగు పీరియడులో 'ప' దగ్గర ఆగిపోయాడు. రెండో బెంచీలోంచి నేను, "స్టేషన్ దొరకడం లేదు సార్" అన్నాను. క్లాసు క్లాసంతా నవ్వింది. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టేసరికి అతని పేరు 'రేడియో' అయింది. వారం తిరిగేసరికి పక్క సెక్షన్ వాళ్లూ అలాగే పిలిచారు. ఒక సార్ అయితే, ముద్దుగానే లెండి, "రేడియో, ఆ డస్టర్ ఇలా తే" అనేవారు. పొద్దున హాజరు పిలిచేటప్పుడు తప్ప అతని అసలు పేరు ఎక్కడా వినపడేది కాదు. ఎనిమిదో తరగతి అవగానే టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. వాళ్ల నాన్నగారికి బదిలీ అయిందన్నారు. అదే నిజం కావచ్చు కూడా.

పోయిన సంవత్సరం అతని నంబరు సంపాదించి ఫోను చేశాను. క్షమించమని అడగడానికి పది నిమిషాలు డొంకతిరుగుడుగా మాట్లాడాను. అతను విని, "నువ్వు అన్నది పెద్దగా గుర్తు లేదు. నా పక్కన కూర్చునేవాడు కూడా నవ్వాడు, అది గుర్తుంది" అన్నాడు. ఈ విషయం మీద చిత్రం తీయాలనుకుంటున్నానని చెబితే, "తీసుకో, రేడియో మాత్రం వద్దు" అన్నాడు. కాబట్టి చిత్రంలో రేడియో ఉండదు, మాట తట్టుకునే పిల్లవాడూ ఉండడు. అతని పేరు మీకు కూడా చెప్పను. పక్కన కూర్చునేవాడు మాత్రం ఉంటాడు. నిజానికి ఈ చిత్రం అతనిదే.

కథ ఇది. అన్నయ్య పాత యూనిఫారం వేసుకుని ఒక పిల్లవాడు బడికి వస్తాడు. చొక్కా భుజాలు మోచేతుల దాకా జారుతుంటాయి. ఎవరో 'హ్యాంగర్' అంటారు. అందరూ నవ్వుతారు. బొమ్మలన్నీ నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసినవే కనుక, ఆ పేరు పిలిచిన ప్రతిసారీ డస్టర్ వచ్చి పిల్లవాణ్ణి కొంచెం చెరిపేస్తుంది. ముందు చెవులు, తర్వాత చేతులు, తర్వాత నోరు. చివరికి తల కూడా పోయి, కొక్కేనికి వేలాడే చొక్కా ఒక్కటే మిగులుతుంది. పక్కన కూర్చునే పిల్లవాడు మొదట్లో అందరితోపాటు నవ్వుతాడు. ఒకరోజు నవ్వబోయి తన చేతివైపు చూసుకుంటాడు. అరచేతి నిండా సుద్దపొడి. డస్టర్ ఇంతసేపూ అతని చేతిలోనే ఉంది. మర్నాడు హాజరులో అసలు పేరు పిలుస్తారు. బల్ల మీద ఖాళీ. పక్కవాడు సుద్దముక్క తీసుకుని ఒక చెవి గీస్తాడు, అదీ సరిగ్గా రాదు. "ఉన్నానండీ" అన్న గొంతు వినిపిస్తుంది. అంతటితో అయిపోతుంది.

కంప్యూటర్‌లో చేసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మా కళాశాలలో కూడా అడిగారు. కంప్యూటర్‌లో చెరిపితే గీత మొత్తం పోతుంది, అక్కడ ఏదో ఉండేదన్న ఆనవాలు కూడా మిగలదు. నల్లబల్ల మీద చెరిపితే బూడిదరంగు మరక ఉండిపోతుంది. ఎంత తుడిచినా చెరిపిన చెవి ఎక్కడ ఉండేదో కనిపిస్తూనే ఉంటుంది. నాకు కావలసింది ఆ మరకే. అందుకే పొడి రాలని సుద్దముక్కలు ఈ పనికి పనికిరావు, చొక్కా నిండా రాలే పాతరకం సుద్ద కావాలి. పని చేసే నలుగురం ముక్కుకు గుడ్డ కట్టుకుంటాం.

తీసే పద్ధతి తేలికే, ఓపిక కావాలి. ఒక గీత గీయడం, పక్కకు తప్పుకోవడం, ఒక ఫొటో తీయడం, కొంచెం చెరపడం, మళ్లీ ఫొటో. సెకనుకు 12 ఫొటోల చొప్పున మూడు నిమిషాలకు 2,160 ఫొటోలు అవుతాయి. రోజుకు 240 తీయగలిగితే తొమ్మిది రోజుల పని. ఏదో ఒకటి చెడకుండా ఉండదు కాబట్టి పది రోజులు అడుగుతున్నాను. ఆ పది రోజులూ కెమెరా స్టాండు అంగుళం కూడా కదలకూడదు. కిటికీలోంచి వచ్చే ఎండ గంటగంటకూ మారితే తెర మీద బొమ్మ మిణుకుమిణుకుమంటుంది, అందుకని కిటికీలకు నల్లగుడ్డ కట్టి లైట్ల వెలుతురులోనే తీస్తాం. వీటన్నిటి వల్లే దసరా సెలవులు, పాత బ్లాకులోని ఏడో తరగతి 'బి' గది కావాలంటున్నాను. కొత్త బ్లాకంతా తెల్లబోర్డులు, డిజిటల్ బోర్డులు. సిమెంటు నల్లబల్ల మిగిలింది ఆ గదిలోనేనని మొన్న వాచ్‌మన్ తాతను అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు అందులో విరిగిన బెంచీలు వేశారట. వాటిని మేమే సర్ది, పని అయ్యాక మళ్లీ యథాస్థానంలో పెడతాం.

ఇక పిల్లల సంగతి. ఆరు, ఏడు తరగతుల నుంచి ఎనిమిది మంది గొంతులు కావాలి. నవ్వులు, హాజరుకు జవాబులు, అన్నం డబ్బాల చప్పుడు మధ్య మాటలు. తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకున్న పిల్లలనే తీసుకుంటాను. ఎవరి ముఖమూ తెర మీదికి రాదు, పాఠశాల పేరు గానీ యూనిఫారం రంగు గానీ కనిపించదు. రికార్డింగుకు ముందు ఒక గంట పిల్లలతో కూర్చుని మాట్లాడాలని ఉంది. ఆ గంటలో మన కౌన్సెలర్ గారు కూడా ఉండాలని కోరుతున్నాను. పిల్లలు మాటల్లో మాటగా నాలాంటిదానికి అందని పెద్ద విషయం ఏదైనా చెబితే, అది ఆమె చేతికి వెళ్లాలి, నా స్కెచ్ పుస్తకంలోకి కాదు.

ఈ విషయంలో మన మాటలే అడ్డం వస్తాయని నాకు అనిపిస్తుంది. మా పిన్ని కొడుకు ఆరో తరగతి. "మీ బడిలో వేధింపులు ఉన్నాయా?" అంటే, పేపరులో వచ్చే వార్త గురించి అడిగినట్టు చూసి, లేవన్నాడు. "ఎవరికైనా మారుపేర్లు ఉన్నాయా?" అంటే మాత్రం వేళ్లు మడిచి తొమ్మిది చెప్పాడు. మనం 'ఆటపట్టించడం' అంటాం. మాటలోనే ఆట ఉంది. ఆడేవాళ్లకు అది ఆటే కూడా. అందుకే చిత్రంలో 'వేధింపు' అన్న మాట ఒక్కసారి కూడా రాదు.

సీబీఎస్ఈ 2015 మార్చిలో పాఠశాలలకు పంపిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి పాఠశాలలోనూ దీనికోసం ఒక కమిటీ ఉండాలి. చిత్రం పూర్తయ్యాక మొదట మన కమిటీకే చూపిస్తాను. వాళ్లు, మీరు సరేనన్నాకే పిల్లలకు. బడిలో హింస, ఏడిపింపులకు వ్యతిరేకంగా యునెస్కో పాటించే రోజు నవంబరు మొదటి గురువారం, అంటే ఈసారి 6వ తేదీ. ఆ రోజు కమిటీకి, 14న బాలల దినోత్సవం నాడు అసెంబ్లీలో పిల్లలకు చూపించాలని నా ఆశ. నృత్యాల మధ్య మూడు నిమిషాలు ఇస్తే చాలు.

డబ్బు లెక్క. లెక్కల టీచరుకు రాస్తున్నాను కాబట్టి మూడుసార్లు కూడి చూసుకున్నాను.

సుద్దముక్కలు, డస్టర్లు, బల్లకు నల్లరంగు, కిటికీ గుడ్డ: 2,500
రెండు లైట్ల అద్దె, పది రోజులకు: 6,000
ఫొటోలు దాచే హార్డ్ డిస్కు: 4,500
శబ్దం రికార్డింగు, మిక్సింగు: 10,000
నలుగురి ప్రయాణం, భోజనాలు: 9,000
సెలవుల్లో గది తెరిచి ఉండే వాచ్‌మన్‌కు రోజుకు 300 చొప్పున: 3,000
మొత్తం: రూ. 35,000

కెమెరా కళాశాలది, దానికి అద్దె లేదు. నేనూ నా ముగ్గురు మిత్రులూ వేసవిలో పెళ్లిపత్రికలకు బొమ్మలు వేసి దాచిన పదివేలు ఉన్నాయి. మిగిలిన 25,000 పాఠశాల నుంచి అడుగుతున్నాను. ఒకేసారి వద్దు. సెప్టెంబరు 15లోపు 15,000 ఇచ్చి, శబ్దం కలపని మొదటి కూర్పు చూశాక మిగతా పదివేలు ఇవ్వండి. రసీదులన్నీ ఇస్తాను. మేనేజ్‌మెంటు వారు అంత కుదరదంటే భోజనాల ఖర్చు తీసేయండి, మా అమ్మ వండి పంపుతుంది. రికార్డింగు డబ్బు మాత్రం తగ్గించవద్దని మనవి. ఆ ఒక్క "ఉన్నానండీ" స్పష్టంగా వినపడకపోతే మిగతాదంతా దండగ.

చనువు తీసుకుని ఇంకొక్క మాట. చిత్రం చివర్లో పెద్దల సందేశం పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. దయచేసి వద్దు మేడమ్. సందేశం మొదలవగానే పిల్లలు కదలడం మొదలుపెడతారు, నాకు బాగా తెలుసు, నేను కదిలినదాన్నే. దానికి బదులు పిల్లల సహాయ నంబరు 1098, మన కౌన్సెలర్ గారు ఏ గదిలో ఉంటారో ఒక పంక్తి వేస్తాను. పాఠశాలకు కృతజ్ఞతలు మీరు కోరితే వేస్తాను, వద్దంటే పేరే రాదు. చిత్రాన్ని పాఠశాల ఎన్నిసార్లయినా, ఎక్కడైనా ఉచితంగా చూపించుకోవచ్చు. నేను కళాశాల ప్రాజెక్టుగా చూపించుకోవడానికి, పోటీలకు పంపడానికి అనుమతి ఇవ్వండి.

ఈ నెల 19, శనివారం ఇంటికి వస్తున్నాను. బడి వదిలాక ఒక పావుగంట ఇవ్వగలిగితే స్టోరీబోర్డు, హాస్టల్ గోడ మీద తీసి చూసిన ఇరవై సెకన్ల ముక్క తెచ్చి చూపిస్తాను. అందులో ఒక చెవి మాత్రమే చెరుగుతుంది. ఆ రోజే పాత బ్లాకు గది తాళం తీయిస్తే బల్ల కొలతలు కూడా తీసుకుంటాను. రంగు ఎంత పెచ్చులూడిందో చూడందే నా 2,500 లెక్క నిలబడదు.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థిని,
హారిక
(7 'బి', రెండో బెంచీ)